ఏ మాత్రతో తాగితే ప్రాణం మీదికొస్తుంది?

(కోనసీమలోని ఒక ఊరి గ్రంథాలయంలో, సంక్రాంతికి ముందు ఒక వైద్యుడు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారమండీ. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఆడవాళ్లు కూడా వచ్చారు, మంచిదైంది. ఇవాళ నేను చెప్పేది తాగేవాళ్ల కంటే వాళ్ల పక్కన పడుకునేవాళ్లకే ఎక్కువ పనికొస్తుంది.

తాగడం తప్పా ఒప్పా అని చెప్పడానికి రాలేదండీ. పండగ మూడు రోజులూ ఎవరేం చేస్తారో నాకూ తెలుసు, మీకూ తెలుసు. భీమవరం వైపు బరుల దగ్గర ఎంత సందడి ఉంటుందో, ఇక్కడ చెరువు గట్ల మీదా అంతే ఉంటుంది. నాకున్న బాధ వేరే. మన వాళ్లు భయపడాల్సినదానికి భయపడరు, అంత భయం అక్కర్లేనిదానికి వణికిపోతారు. మెట్రోజిల్ వేసుకుని చుక్క ముట్టుకుంటే చచ్చిపోతారంటారు. రాత్రి నిద్రమాత్ర వేసుకునేవాడు క్వార్టరు తాగొస్తే మాత్రం, "పోన్లే, ఇవాళ బాగా నిద్రపడుతుంది" అంటారు. నా లెక్కలో ఇది పూర్తిగా తలకిందులు.

ముందు ఆ మెట్రోజిల్ సంగతి తేల్చేద్దాం. దాని అసలు పేరు మెట్రోనిడజోల్. విరేచనాలకీ, చిగుళ్ల చీముకీ, ఆడవాళ్ల ఇన్‌ఫెక్షన్లకీ ఇస్తాం. దీనితో మద్యం తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులవుతాయన్న మాట 1960ల నుంచీ ఉంది. తాగుడు మాన్పించడానికి డైసల్ఫిరామ్ అనే మాత్ర ఒకటుంది. మద్యం ఒంట్లో విరిగేటప్పుడు మధ్యలో ఎసిటాల్డిహైడ్ అనే చెడ్డ పదార్థం పుడుతుంది. మామూలుగా లివరు దాన్ని వెంటనే ఇంకోదానిగా మార్చేస్తుంది. డైసల్ఫిరామ్ ఆ మార్పుని ఆపేస్తుంది, ఆ చెడు రక్తంలో పేరుకుంటుంది, మనిషి అల్లాడిపోతాడు. మెట్రోనిడజోల్ కూడా ఇదే పని చేస్తుందేమోనని అప్పట్లో అనుకున్నారు. కొద్దిమంది రోగుల్లో అలాంటి లక్షణాలు కనిపించాయని రాశారు కూడా. దాంతో ఆ మాట పుస్తకాల్లోకీ, మందుల కాగితాల్లోకీ ఎక్కి కూర్చుంది.

2002లో ఫిన్లండ్ వాళ్లు సరిగ్గా పరీక్ష చేసి చూశారు. పన్నెండు మంది ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లని తీసుకుని, సగం మందికి ఐదు రోజులు మెట్రోనిడజోల్, సగం మందికి ఉత్తి మాత్ర ఇచ్చి, తర్వాత మద్యం ఇచ్చారు. రక్తంలో ఎసిటాల్డిహైడ్ ఎంతుందో కొలిచారు. ఏమీ పెరగలేదు. ముఖం ఎర్రబడటం లేదు, గుండె వేగంలో తేడా లేదు. పన్నెండు మందితో ప్రపంచంలో ఎవరికీ ఏమీ కాదని తేల్చలేం, నిజమే. కానీ ఆ భయానికి మూలమని చెప్పిన కారణం మాత్రం అక్కడ కనపడలేదు. అమెరికాలో సీడీసీ అనే ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, మెట్రోనిడజోల్ వాడేటప్పుడు మద్యం మానడం తప్పనిసరి కాదని రాసింది. మందు కాగితం మీద పాత హెచ్చరిక ఇంకా అలాగే ఉంది. అసలీ మాత్రే వికారం తెప్పిస్తుంది, నోరు ఇనుము నాకినట్టుంటుంది. తాగినవాడికి ఆ రెండూ కలిస్తే ఇంకా చికాకు. నేను కూడా "ఆ ఐదు రోజులూ మానెయ్యండి" అనే చెబుతాను. ప్రాణభయంతో మాత్రం కాదు.

ప్రాణభయం పెడితే జరిగే నష్టమొకటుంది, అది చెప్పాలి. లివర్లో అమీబా వల్ల చీముగడ్డ వస్తుంది. కుడిపక్క డొక్కలో నొప్పి, చలిజ్వరం, చెమటలు. కల్లు తాగే మగవాళ్లలో ఇది ఎక్కువగా కనపడుతుందని మన దేశంలో డాక్టర్లు ఎప్పటినుంచో రాస్తున్నారు. దానికి ముఖ్యమైన మందు ఈ మెట్రోనిడజోలే, మూడు పూటలా, పెద్ద మోతాదులో, వారం నుంచి పది రోజులు. నాలుగో రోజుకి జ్వరం తగ్గుతుంది. ఐదో రోజు బావమరిది వస్తాడు. ఇప్పుడు ఆయన ముందు రెండు దారులు. "దీనితో తాగితే పోతారంట" అన్న మాట చెవిలో ఉంది. ఆయన మానేసేది కల్లు కాదండీ, మాత్ర! (నవ్వులు) నవ్వుతున్నారు గానీ, ఆ గడ్డ మళ్లీ పెరిగి పగిలితే ఊపిరితిత్తుల్లోకో పొట్టలోకో పోతుంది. లివర్లో చీము ఉన్నవాడు తాగకూడదు, అది లివరు కోసం. కానీ తాగాడు కదా అని ఆ పూట మాత్ర మానెయ్యకూడదు. తాగినా సరే, మాత్ర పడాలి.

పారాసెటమాల్ మాటకొస్తాను. మన వాళ్లందరూ డోలో అంటారు. పెళ్లిలో రాత్రి తాగి, పొద్దున్న తలనొప్పికి ఒక 650 వేసుకున్నాడు. ఎప్పుడో తాగే మనిషికి దీనివల్ల లివరు పోదు. భయపడాల్సింది రోజూ తాగేవాళ్ల గురించి. అదీ తాగినప్పటికంటే, తాగడం ఆపిన మొదటి ఒకటి రెండు రోజుల్లో.

ఎందుకంటే, పారాసెటమాల్లో కొంచెం భాగాన్ని లివరు ఒక విషంగా మారుస్తుంది. ఆ విషాన్ని అక్కడే విరిచేయడానికి గ్లూటాథయోన్ అనే పదార్థం సిద్ధంగా ఉంటుంది కాబట్టి మామూలు మోతాదులో ఏమీ కాదు. రోజూ తాగేవాడిలో ఆ విషాన్ని తయారుచేసే ఎంజైము ఎక్కువైపోతుంది. సరిగ్గా తినడు కాబట్టి గ్లూటాథయోన్ తక్కువైపోతుంది. తాగి ఉన్నంతసేపూ ఆ ఎంజైము మద్యం పని మీదే ఉంటుంది. మద్యం దిగిపోయాక దానికి పని దొరికేది పారాసెటమాల్ మీద.

ఇప్పుడు ఒక జ్వరం కేసు లెక్కేద్దాం. రోజూ తాగే మనిషికి వరికోతల్లో జ్వరం వచ్చింది. వాంతిగా ఉందని తాగలేదు, తినలేదు. జ్వరానికి 650 రోజుకి నాలుగు, అంటే 2600 మిల్లీగ్రాములు. ఒళ్లు నొప్పులకి షాపులో ఇచ్చిన నొప్పి మాత్ర మూడు పూటలా. అందులో ఇంకో మందుతో పాటు 325 పారాసెటమాల్ కలిపి ఉంది, మూడింటికి 975. జలుబు మాత్రలో 500, మూడు పూటలా 1500. మొత్తం 5075. ఆరోగ్యవంతుడైన పెద్దవాడికే రోజుకి 4000 దాటకూడదు. రోజూ తాగేవాడికి, తినలేనివాడికి 2000 లోపు ఉంచమంటాం. ఆయన మూడు రకాల మాత్రలు వేసుకున్నాననుకున్నాడు. వేసుకున్నది ఒకే మందు మూడుసార్లు. మొదటి రోజు ఏమీ తెలియదండీ, అదే దీనితో వచ్చిన చిక్కు. రెండో రోజుకో మూడో రోజుకో వాంతులు, డొక్కలో నొప్పి, ఆ తర్వాత కళ్లు పచ్చబడతాయి. దీనికి విరుగుడుంది, ఎసిటైల్‌సిస్టీన్ అని. ఒక్కసారే ఎక్కువ మింగినవాళ్లకి ఎనిమిది గంటల్లోపు మొదలెడితే చాలావరకు లివరుని కాపాడుతుంది. కళ్లు పచ్చబడ్డాక వస్తే మా చేతుల్లో ఉండేది తక్కువ.

అలాగని పారాసెటమాల్ మానేసి డైక్లోఫెనాక్ వాడకండి. తాగే కడుపులో అది పుండు చేసి రక్తం కారేలా చేస్తుంది. తాగేవాడికి కూడా నొప్పికీ జ్వరానికీ పారాసెటమాలే మేలు, ఆ 2000 హద్దు లోపల.

ఇక అసలు విషయం. దీని మీదే ఎక్కువసేపు మాట్లాడతాను.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇది ఒక్క మనిషి కథ కాదు, ఇలాంటి కేసుల్లో మామూలుగా జరిగేదంతా ఒకచోట పెట్టాను. రొయ్యల చెరువున్న రైతు, యాభై అయిదేళ్లుంటాయి. రాత్రిళ్లు ఏరేటర్లు ఆగిపోతాయేమోనన్న బెంగతో నిద్రపట్టక, ఆల్‌ప్రాజోలామ్ అర మిల్లీగ్రాము, అంటే పాయింట్ ఫైవ్, కొన్నేళ్లుగా రోజూ వేసుకుంటున్నాడు. ఏ ఇబ్బందీ లేదు. భోగి రోజు అల్లుడొచ్చాడు. ఎనిమిది నుంచి పది లోపల ఒక క్వార్టరు బ్రాందీ అయ్యింది. సరిగ్గా తినలేదు. ముక్కు కారుతోందని ఇంటావిడ జలుబు మాత్ర ఇచ్చింది. పదిన్నరకి అలవాటు ప్రకారం నిద్రమాత్ర వేసుకున్నాడు. పదకొండున్నరకి ఇంకా మెలకువగానే ఉందని ఇంకోటి వేసుకున్నాడు. పన్నెండుకి గురక మొదలైంది. "హమ్మయ్య, పడుకున్నారు" అనుకుంది ఆవిడ. రెండు గంటలకి గురక మారింది. గరగరమని నీళ్లలోంచి వస్తున్నట్టు చప్పుడు, ఆగి ఆగి. కొడుకు లేచి లైటు వేసి చూస్తే పెదాలు నల్లబడ్డాయి. నిమిషానికి ఆరుసార్లే ఊపిరి. పక్కకి తిప్పారు, 108కి ఫోన్ చేశారు. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వచ్చింది గానీ, మనిషి దక్కాడు. ఆ కొడుకు లేవకపోతే దక్కేవాడు కాదు.

ఇందులో ఏది ఏం చేసిందో చూద్దాం. క్వార్టరంటే 180 మిల్లీలీటర్లు, సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది. లెక్క కడితే సుమారు 60 గ్రాముల ఆల్కహాలు. ఒళ్లు గంటకి ఏడు నుంచి పది గ్రాములు మాత్రమే వదిలించుకుంటుంది. నిమ్మరసం తాగినా, మజ్జిగ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా ఈ వేగం మారదండీ. అంటే పది గంటలకి తాగడం ఆపినా తెల్లవారుజాము దాకా ఒంట్లో ఉంటుంది. ఆయన పదిన్నరకి మాత్ర వేసుకున్నప్పుడు మద్యం సగానికి పైగా ఇంకా లోపలే ఉంది. ఆల్‌ప్రాజోలామ్ బలం ఒకటి రెండు గంటల్లో పతాక స్థాయికి వస్తుంది. రెండు మాత్రల బలమూ, మద్యం మత్తూ అర్ధరాత్రికి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. జలుబు మాత్రలో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ కూడా మగత తెప్పించేదే, మర్నాటి దాకా పోదు. అది మూడోది.

"నిద్రమాత్రలు పది మింగినా బతికాడు కదండీ మా ఊళ్లో ఒకాయన" అని మీలో ఎవరైనా అనొచ్చు. అదీ నిజమే, దానికి కారణముంది. మన కాలవల మీద లాకులు చూశారుగా. మెదడు కణాల మీద కూడా అలాంటి చిన్న తలుపులుంటాయి. గాబా అనే రసాయనం వచ్చి తడితే తలుపు తెరుచుకుంటుంది, కణం చల్లబడుతుంది. నిద్రమాత్ర తనంతట తాను తలుపు తెరవలేదు. గాబా తట్టినప్పుడు ఎక్కువసార్లు తెరుచుకునేలా చేస్తుందంతే. ఉన్న గాబాని బట్టే దాని పని, అందుకని దానికొక హద్దుంది. ఒక్క నిద్రమాత్రలే మింగినవాళ్లలో ఎక్కువమంది బతికేది అందుకే. మద్యం అదే తలుపుని ఇంకోచోట పట్టుకుని ఇంకా తెరుస్తుంది. అంతటితో ఆగదు, మెదడుని మెలకువగా ఉంచే వేరే దారులనీ మూసేస్తుంది. హద్దు పోయింది. ఊపిరి తీసుకోమని చెప్పే కేంద్రం కూడా ఆ మెదడులోనే ఉంది. అదీ మగతలో పడుతుంది. దగ్గు రాదు, నాలుక వెనక్కి పడిపోతుంది, వాంతి వస్తే బయటికి పోవాల్సింది లోపలికి పోతుంది.

ఆల్‌ప్రాజోలామ్ ఒక్కటే కాదు. డయాజెపామ్, క్లోనాజెపామ్, లోరాజెపామ్ ఒకే కుటుంబం. డయాజెపామ్ రోజుల తరబడి ఒంట్లో ఉంటుంది కాబట్టి నిన్న వేసుకున్నదీ లెక్కలోకే వస్తుంది. నడుంనొప్పికి ఇచ్చే ట్రమడాల్ నల్లమందు జాతికి చెందింది. మద్యంతో ఊపిరినీ తగ్గిస్తుంది, ఫిట్స్ కూడా తెప్పిస్తుంది. సుగరువాళ్లకి కాళ్ల మంటలకి ఇచ్చే ప్రీగాబాలిన్, గాబాపెంటిన్‌లది కూడా ఇదే దారి. కోడీన్ ఉన్న దగ్గు సిరప్ సంగతి చెప్పక్కర్లేదు. ఆల్‌ప్రాజోలామ్, ట్రమడాల్ రెండూ షెడ్యూల్ హెచ్1 మందులు. చీటీ లేకుండా అమ్మకూడదు, షాపువాడు రిజిస్టర్లో రాసుకోవాలి. అట్ట మీద ఎర్రగీతల డబ్బాలో హెచ్చరిక ఉంటుంది. ఆ డబ్బా కనపడితే మాత్రం ఆ రాత్రి సీసా ముట్టుకోకండి.

(సభలోంచి ఒకరు: డాక్టరు గారూ, కల్లయితే పరవాలేదు కదండీ? చెట్టు మీంచి దించిందే కదా.)

చెట్టు మీంచి దించిన కల్లులో ఉండేదీ అదే ఆల్కహాలు బాబాయ్ గారూ. బ్రాందీ కన్నా పలచనే, కానీ ఎవరూ ఒక గ్లాసుతో ఆపరు కదా. ఇంకోటి ఉంది. చెట్టు మీంచి దించకుండా తయారుచేసే కల్తీ కల్లులో మత్తు కోసం ఈ ఆల్‌ప్రాజోలామ్, డయాజెపామ్ పొడులే కలుపుతారు. తెలంగాణ జిల్లాల్లో ఎన్నోసార్లు పట్టుబడింది. అలాంటిది తాగినవాడు ఇంటికొచ్చి తన మాత్ర తాను వేసుకుంటే, ఎంత పడిందో ఆయనకే తెలియదు. మన వైపు తాటితోపులో కళ్లముందు దించింది వేరు, ఎక్కడినుంచో క్యాన్లలో వచ్చింది వేరు. రెండు గ్లాసులకే నాలుక మొద్దుబారి, కాళ్లు తేలిపోయి, మర్నాడు మధ్యాహ్నం దాకా మగత వదలకపోతే, ఆ కల్లులో ఏదో కలిసిందని అనుమానించండి.

(వెనక నుంచి ఒకావిడ: తాగొచ్చి పడుకున్నాక, మామూలు నిద్రో కాదో మాకెలా తెలుస్తుందండీ?)

మంచి ప్రశ్న అమ్మా. ముందు గట్టిగా పేరు పెట్టి పిలవండి. లేవకపోతే రొమ్ము ఎముక మీద మెటికలతో గట్టిగా రుద్దండి. మామూలుగా తాగి పడుకున్నవాడు తిట్టుకుంటూ అయినా చెయ్యి తోసేస్తాడు. ఉలుకూ పలుకూ లేకపోతే అది నిద్ర కాదు. తర్వాత గడియారం చూసి నిమిషంపాటు పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టండి. మామూలుగా పన్నెండు నుంచి ఇరవై. ఎనిమిదికి తగ్గితే ఇక క్షణం ఆగకూడదు. పెదాలు, గోళ్లు నీలంగా ఉన్నా, గురక గరగరగా మారి మధ్యలో ఆగిపోతున్నా అంతే. ఎడమ పక్కకి తిప్పి, పై మోకాలు ముందుకి మడిచి, తల కొంచెం వెనక్కి ఉంచండి, నోరు కిందికి చూడాలి. 108కి చెయ్యండి. ఊపిరి అసలే ఆగిపోతే వెల్లకిలా వేసి గుండె మీద నొక్కడం మొదలెట్టి, ఫోన్లో వాళ్లు చెప్పినట్టు చెయ్యండి. వాంతి చేయించకండి, నోట్లో ఏమీ పొయ్యకండి. ఉప్పునీళ్లు, కాఫీ, చింతపండు పులుసు, ఏదీ వద్దు. మగతలో ఉన్నవాడి నోట్లో పోసింది ఊపిరితిత్తుల్లోకే పోతుంది. వేసుకున్న మాత్రల అట్టలన్నీ సంచీలో వేసుకుని ఆసుపత్రికి పట్టుకురండి. ఈ మాత్రలకి విరుగుడు ఇంజెక్షను ఉంది గానీ, రోజూ వేసుకునేవాడికి అది ఇస్తే ఫిట్స్ రావచ్చు. అందుకే మేం ఎక్కువగా ఆక్సిజన్ పెట్టి, ఊపిరి నిలబెట్టి, మందు దిగేదాకా కాస్తాం. డాక్టరు ఇంజెక్షను ఇవ్వలేదని గొడవ పెట్టుకోకండి.

(ఇంకొకరు: అయితే పండగ మూడు రోజులూ నిద్రమాత్ర మానేస్తే సరిపోతుందాండీ?)

ఒక్క రాత్రి తాగితే ఆ రాత్రి నిద్రమాత్ర వదిలెయ్యండి. నిద్ర పట్టకపోతే పట్టకపోనివ్వండి. కానీ ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లు మూడు నాలుగు రోజులు వరసగా ఆపితే వణుకు, భయం, ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. వాళ్లు ఆపాల్సింది మాత్ర కాదు. ఫిట్స్ జబ్బుకి ఫినోబార్బిటాలో క్లోబజామో వాడేవాళ్లు ఒక్క పూట కూడా మానకూడదు, తాగుడే మానాలి.

(మొదటి వరసలోంచి: మా తమ్ముడికి తాగుడు మానడానికి మాత్రలిచ్చారండీ. అవి వేసుకుంటూ మళ్లీ తాగుతున్నాడు. ఏమవుతుంది?)

ఏ మాత్రో తెలియాలి అన్నయ్య గారూ, రెండు రకాలుంటాయి. ఒకటి ఇందాక చెప్పిన డైసల్ఫిరామ్. దీనితో తాగితే ముఖం ఎర్రబడి, ఆయాసం, వాంతులు వచ్చి, బీపీ పడిపోతుంది. గుండె జబ్బున్నవాడైతే ప్రాణం కూడా పోవచ్చు. మెట్రోజిల్‌కి అంటగట్టిన భయం నిజంగా దీనికి చెల్లుతుంది. ఆపేసిన రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండొచ్చు. కొంతమంది ఇళ్లలో మొగుడికి తెలియకుండా కూరలో కలుపుతారు. దయచేసి ఆ పని చెయ్యకండమ్మా. ఏం తిన్నాడో తెలియనివాడు మామూలుగానే తాగేస్తాడు. డైసల్ఫిరామ్ వాడేవాడికి మెట్రోనిడజోల్ కూడా ఇవ్వకూడదు. మద్యం లేకపోయినా ఆ రెండూ కలిస్తే మతి చలించినట్టవుతుంది, లేనివి కనపడతాయి. విరేచనాలకని వెళ్లినప్పుడు ఆ మాట డాక్టరుకి చెప్పాలి.

రెండోది క్లోర్‌డయాజెపాక్సైడ్. రోజూ తాగేవాడు ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత పిచ్చివాగుడు, వణుకు. వాటిని అడ్డుకోవడానికి ఇది ఇచ్చి, రోజురోజుకీ తగ్గిస్తూ వారం పది రోజుల్లో ఆపేస్తాం. ఇది నిద్రమాత్రల కుటుంబమే. ఇది మింగి మళ్లీ తాగితే, మన చెరువు రైతుకి జరిగిందే జరుగుతుంది. మీ తమ్ముడిగారి దగ్గరున్న అట్ట మీద పేరు చూడండి. ఇదే అయితే మాత్రలు ఆయన చేతిలో పెట్టకండి. మీరే దగ్గరుంచుకుని పూటకి ఒక్కో మోతాదు ఇవ్వండి, ముందు నోటి వాసన చూసి. వాసన వస్తే ఆ పూట మాత్ర ఇవ్వకుండా, ఇచ్చిన డాక్టరుకి ఫోన్ చెయ్యండి. అట్ట రేపు తెస్తే నేను చూసి చెబుతాను, పది గంటలకి ఆసుపత్రిలోనే ఉంటాను.